తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది: కౌన్సెలర్ దగ్గరికా, సైకియాట్రిస్టు దగ్గరికా? మొదటిరోజు ఏం జరుగుతుంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడు, మూడున్నరకే మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టదు. అన్నం సయించడం లేదు, బట్టలు వదులయ్యాయి. ఛాతీలో బరువుగా ఉందని ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ అన్నీ తీయించాను. అన్నీ నార్మల్ అన్నారు. 'ఎక్కువ ఆలోచిస్తున్నావు, అంతే' అంటున్నారు ఇంట్లో. కౌన్సెలర్ సరిపోతారా, సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్ళాలా? వెళ్తే మొదటిరోజు ఏం అడుగుతారు? మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందేనా?

సమాధానం:

ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళండి. వచ్చే నెల జీతం వచ్చాక అనుకోకుండా ఈ వారంలోనే వెళ్ళండి. కౌన్సెలింగ్ కూడా మీకు పనికొస్తుంది, కానీ అది రెండో అడుగు. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను. నేను సైకియాట్రిస్టుని. జిల్లా ప్రభుత్వాసుపత్రి ఓపీలోనూ, తర్వాత సొంత క్లినిక్‌లోనూ మీలాంటి ఇబ్బందితో వచ్చినవాళ్ళను చూస్తూ వస్తున్నాను.

మీ ప్రశ్నలో నా కళ్ళు ముందు ఆగింది మెలకువ వచ్చే టైము దగ్గర. నిద్ర చెడడంలో రకాలున్నాయి. పడుకున్నాక గంట, రెండు గంటలు దొర్లినా నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఆందోళనలో చూస్తాం. ఇ.ఎం.ఐ. గురించో, పిల్లల ఫీజుల గురించో మనసు తిరుగుతూ ఉంటుంది, ఎప్పటికో కన్ను అంటుకుంటుంది. మీకు జరుగుతున్నది వేరు. నిద్ర పడుతోంది, కానీ రోజూ లేచే టైముకన్నా రెండు మూడు గంటల ముందే తెగిపోతోంది. దానికితోడు తెల్లవారుజాము అన్నిటికన్నా బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తెరిపి వస్తుంటే, ఆకలి చచ్చిపోయి బరువు తగ్గుతుంటే, అది డిప్రెషన్‌లో ఒంటిని బాగా పట్టుకున్న రకం అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రకానికి మాటల కన్నా ముందు మందు సాయం కావాలి. మూడు గంటలకు లేచి కూర్చునే మనిషికి ఉదయం పదకొండింటికి కౌన్సెలర్ చెప్పేది తలకెక్కదు. ఏకాగ్రతే ఉండదు. నిద్ర, ఆకలి కాస్త సర్దుకున్నాక కూర్చుని మాట్లాడితే అదే కౌన్సెలింగ్ నిలబడుతుంది.

సాయంత్రాలు ఎలా ఉంటున్నాయో మీరు రాయలేదు. డాక్టరు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఈ రెండు మూడు రోజులు గమనించి పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్ళాలన్నదానికి మేము వాడే కొలత ఒకటుంది. దానికి డాక్టరే అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. రెండు వారాలు. రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలపాటు దిగులుగానో, దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉందా? దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత మారాయా? ఆ మార్పు పనిలోనో ఇంట్లోనో బయటపడుతోందా? ఈ మూడో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. 'నా కష్టం అంత పెద్దదా, నాకంటే ఎక్కువ కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా' అని తూకం వేసుకుంటూ నెలలు గడిపేస్తారు. డాక్టరు చూసేది కారణం ఎంత పెద్దదని కాదు, మనిషి ఎంత మారాడని. నెలాఖరు లెక్కలు ఒక పూటలో ముగించే అకౌంటెంటుకు ఇప్పుడు మూడు రోజులు పడుతోందా? ఒకే అంకెను నాలుగుసార్లు సరిచూసుకుంటున్నారా? ఫోన్ మోగితే ఎత్తబుద్ధి కావడం లేదా? వారానికోసారి ఊళ్ళో అమ్మతో మాట్లాడే మనిషి నెలగా తప్పించుకుంటున్నాడా? నాకు ఇలాంటివే ఎక్కువ చెబుతాయి.

దుఃఖాన్నీ డిప్రెషన్‌నీ కలిపేసుకోకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు వచ్చే దుఃఖం ఆగి ఆగి వస్తుంది. ఫొటో చూస్తేనో, దశదిన కర్మ నాడో, పండగకో ముంచుకొస్తుంది. మధ్యలో మనవరాలు వచ్చి ఏదో అంటే నవ్వు వస్తుంది, కాఫీ కాఫీలాగే రుచిస్తుంది. 'ఆయన లేడు' అన్న బాధ ఉంటుంది, 'నేను పనికిరానివాణ్ణి' అన్న మాట ఉండదు. డిప్రెషన్‌లో ఆ మధ్యలో తెరిపి ఉండదు. ఇష్టమైన మేనల్లుడి పెళ్ళి కుదిరిందన్నా లోపల ఏమీ కదలదు. పైగా తప్పంతా తనదే అనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషికి తోడు, మాట, అవసరమైతే కౌన్సెలర్ చాలు. రెండో మనిషికి వైద్యం కావాలి. దుఃఖంతో మొదలై డిప్రెషన్‌లోకి జారినవాళ్ళూ ఉంటారు, అందుకే రోజుల లెక్క చూసుకోవాలి.

మరి కౌన్సెలర్‌తో మొదలుపెట్టడం ఎప్పుడు సరైనది? నిద్ర, తిండి దాదాపు మామూలుగానే ఉండి, ఇబ్బంది ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలిగినప్పుడు. భార్యాభర్తల మధ్య మాటలు ఆగిపోవడం, అత్తామామలతో ఉండలేకపోవడం, పోటీ పరీక్షలు మూడోసారి తప్పాక ఏం చేయాలో తోచకపోవడం, కోపం అదుపులో లేకపోవడం, నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టడం. ఇవన్నీ మాటలతో, సాధనతో మారేవి. మంచి కౌన్సెలర్ రెండు మూడు సార్లు చూశాక మందు అవసరం అనిపిస్తే తనే సైకియాట్రిస్టుకు రాసి పంపుతారు.

ఎవరు ఎవరో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే బోర్డుల మీద అందరూ ఒకేలా కనిపిస్తారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి ఆ మీదట సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు, థెరపీ చేస్తారు. వాళ్ళకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, అడిగితే నంబరు చెప్పాలి. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం చాలా రకాల చదువులున్నవాళ్ళు పెట్టుకుంటున్నారు. ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్ళు పనిచేసినవాళ్ళున్నారు, వారాంతపు కోర్సు చేసి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. 'ఏం చదివారు, ఎక్కడ శిక్షణ తీసుకున్నారు, ఇలాంటి సమస్యలతో పనిచేశారా' అని ఫోన్‌లోనే అడగండి. చిరాకుపడేవాళ్ళ దగ్గరికి వెళ్ళనక్కర్లేదు.

ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు కొన్నున్నాయి. చనిపోవాలన్న ఆలోచన 'ఎలా, ఎప్పుడు' అనేదాకా వెళ్ళడం. ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించి ఏదో చేయమనడం. తిండీ నీళ్ళూ ముట్టకపోవడం. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసి రెండు మూడు రోజులకే వణుకుతో, ఎక్కడున్నాడో తెలియని అయోమయంలో పడడం. ఈ చివరిది ప్రాణాంతకం కావచ్చు, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే తీసుకెళ్ళాలి. కాన్పయిన తొలివారాల్లో తల్లి నిద్ర మానేసి, పొంతనలేకుండా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత అనుమానాలు చెబుతుంటే 'బాలింత కదా' అని ఊరుకోవద్దు. చనిపోవాలన్న ఆలోచన మీకే వస్తే ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. ఇంట్లో పురుగుమందుల డబ్బా, ఎక్కువ మాత్రలు ఉంటే వేరేవాళ్ళ చేతికి ఇచ్చేయండి. టెలిమానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ అది. అక్కడి కౌన్సెలర్ అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు.

ఇక మొదటిరోజు సంగతి. ఊరికే చెబితే అర్థం కాదు, ఒక మనిషిని పెట్టి చెబుతాను. ఈయన నేను చూసిన పలువురిని కలిపి అల్లిన మనిషి, ఏ ఒక్కరూ కాదు. పల్నాడు వైపు ఎరువుల కొట్టు నడిపే 45 ఏళ్ళ ఆయన అనుకోండి. చేతిలో లావుపాటి ఫైలు. ఈసీజీలు, స్కానింగులు, మూడు చోట్ల రాసిన గ్యాస్ మందుల చీటీలు. పక్కన భార్య, బావమరిది. కూర్చోగానే ఆయన అనేది: 'డాక్టరుగారూ, నాకు మనసు బాగానే ఉందండి. గ్యాసే తలకెక్కుతోంది. గుండెల్లో బరువు, ఒళ్ళంతా మంట, నీరసం. వీళ్ళే బలవంతంగా తీసుకొచ్చారు.'

మన దగ్గర డిప్రెషన్ చాలాసార్లు ఈ రూపంలోనే వస్తుంది, అందుకే మీ ఛాతీ బరువు నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఆ బరువు నిజం. రిపోర్టు నార్మల్ వచ్చిందంటే గుండెకు, పేగుకు జబ్బు కనబడలేదని అర్థం, బాధ లేదని కాదు. కాబట్టి డాక్టరు ముందు ఆ ఫైలు చూస్తారు. మీరూ రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి, తీయించినవే మళ్ళీ తీయించే ఖర్చు తప్పుతుంది.

మొదట ఏది ఎప్పుడు మొదలైందో అడుగుతారు. ఎరువుల కొట్టాయన ఏడాది అన్నారు. 'పోయిన సంక్రాంతికి ఎలా ఉన్నారు? పండక్కి ఊళ్ళో తిరిగారా? కోడిపందేలకు వెళ్ళారా?' అని పండగల మీదుగా వెనక్కి నడిపిస్తే, సంక్రాంతికి బాగానే ఉన్నారనీ, మిర్చి ధర పడిపోయి రైతుల దగ్గర అప్పులు నిలిచిపోయాక, అంటే నాలుగు నెలలుగా మారిందనీ తేలింది. తేదీలు గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. మీరూ అలా ఆలోచించుకుని వెళ్తే పని సులువవుతుంది.

తర్వాత నిద్ర, ఆకలి, బరువు, పని. ఇవి ఒక్కొక్కటీ వివరంగా. ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి పడుతుంది, ఎన్నింటికి మెలకువ, లేచాక ఏం చేస్తారు. ఆయన రెండున్నరకు లేచి వసారాలో కూర్చుంటున్నారు. ఆ మాట చెప్పింది ఆయన కాదు, భార్య. కొట్లో ఎవరైనా యూరియా ధర అడిగితే జవాబు చెప్పడానికి కాసేపు పడుతోందని బావమరిది చెప్పాడు. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళమనేది ఇందుకే. మన మార్పు మనకన్నా పక్కవాళ్ళకు ముందు కనిపిస్తుంది.

కానీ కాసేపు వాళ్ళను బయట కూర్చోబెట్టి మీతో ఒంటరిగా మాట్లాడాలి. డాక్టరు తనంతట తను చేయకపోతే మీరే అడగండి, 'కొన్ని విషయాలు విడిగా చెప్పాలండి' అంటే చాలు. అప్పులు, తాగుడు, దాంపత్యంలో ఇబ్బంది, బయటి సంబంధం, చనిపోవాలన్న ఆలోచన, ఇవేవీ బావమరిది ముందు బయటికి రావు. తలుపు మూశాక ఎరువుల కొట్టాయన చెప్పింది, నిద్ర కోసమని రాత్రిపూట క్వార్టర్ సీసా మొదలుపెట్టాననీ, మూడు నెలలైందనీ. మద్యం మొదట నిద్రపుచ్చినట్టు చేసి, తెల్లవారుజామున లేపుతుంది, దిగులును పెంచుతుంది. ఆ ఒక్క మాట దాస్తే మొత్తం వైద్యం పక్కదారి పడుతుంది. మీరు తాగకపోతే మంచిది. తాగుతుంటే ఎంతో, ఎప్పటినుంచో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఒక ప్రశ్నకు చాలామంది ఉలిక్కిపడతారు: 'ఈ బాధలో బతకడం ఎందుకనిపించిందా? చనిపోవాలని అనిపించిందా?' ప్రతివాళ్ళనూ అడుగుతాం, మీలో ఏదో చూసి అడిగినట్టు కాదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. ఎవరితోనూ అనలేని మాట అడిగారని ఊపిరి పీల్చుకునేవాళ్ళే ఎక్కువ. పడుకుని లేవకపోతే బాగుండు అనుకోవడానికీ, ఏం చేయాలో ఆలోచించి పెట్టుకోవడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడాను బట్టే ఇంటికి పంపాలా, ఆసుపత్రిలో ఉంచాలా అన్నది తేలుతుంది. పోలీసు కేసు అవుతుందేమోనని గతంలో చేసిన ప్రయత్నాన్ని దాచవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించి, శిక్ష కాకుండా సాయం అందించాలంటోంది.

ఇంకొక ప్రశ్న అసందర్భంగా అనిపిస్తుంది, కానీ నా దృష్టిలో మొదటిరోజు ఇది అడగని డాక్టరు సగం పనే చేసినట్టు. 'ఎప్పుడైనా దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నారా? వరసగా నాలుగైదు రోజులు రెండు మూడు గంటలే పడుకున్నా అలుపు లేకుండా, గలగలా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతూ, పెద్ద పెద్ద పథకాలు వేస్తూ?' అలాంటి కాలం ఒకటి గతంలో ఉంటే అది బైపోలార్ కావచ్చు. అప్పుడు మామూలు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనిషి అటువైపు ఎగిరిపోయే ప్రమాదం ఉంది, వేరే మందు కావాలి. ఇంట్లో, తాతల తరంలో ఎవరికైనా అలా ఉందా అని కూడా అడుగుతారు. 'మా పెదనాన్న కొన్నాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, అప్పుడప్పుడు పిచ్చి ఉత్సాహంగా ఉండేవాడు' వంటి పాత కథలు పరువు పేరుతో దాచకండి.

ఈ ప్రశ్నల మధ్యలోనే డాక్టరు మిమ్మల్ని గమనిస్తూ ఉంటారు. కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నారా, గొంతు ఎంత మెల్లగా ఉంది, జవాబుకు ఎంత ఆలస్యమవుతోంది, చేతులు నలుపుతున్నారా, చెప్పేది ఒక దారిలో వెళ్తోందా. కొందరు తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, పీహెచ్‌క్యూ 9 అంటారు. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులుందో గుర్తు పెట్టాలి, మొత్తం 27కి లెక్క. 10 గానీ అంతకుమించి గానీ వస్తే లోతుగా చూడాలని అర్థం. ఆ అంకె రోగ నిర్ధారణ కాదు. నెల తర్వాత మళ్ళీ పెట్టించి తగ్గిందో లేదో పోల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

బీపీ, బరువు చూస్తారు. రక్తపరీక్షలు రాయవచ్చు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు, కొన్నిసార్లు బి12. థైరాయిడ్ తక్కువైతే నీరసం, మందకొడితనం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి, అయితే దానిలో బరువు సాధారణంగా పెరుగుతుంది. ఎక్కువైతే గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం ఆందోళనలా కనిపిస్తాయి. మీకు బరువు తగ్గుతోంది కాబట్టి మీ డాక్టరు రాయకపోయినా థైరాయిడ్ గురించి ఒకసారి అడగండి. దేనికైనా స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, అవి కూడా మనసును కదిలిస్తాయి.

టైము ఎంత పడుతుందంటే, ప్రైవేటు క్లినిక్‌లో మొదటిసారి అరగంట నుంచి ముప్పావుగంట మామూలు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో బయట వరస ఉంటుంది, పది పదిహేను నిమిషాలే దొరకవచ్చు. అయినా అక్కడికి వెళ్ళడం తక్కువేమీ కాదు. మందులు ఉచితంగా ఇస్తారు, బోధనాసుపత్రి అయితే ముందు పీజీ డాక్టరు వివరంగా రాసుకుని తర్వాత పెద్ద డాక్టరుకు చూపిస్తారు. వైజాగ్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. కానీ మీలాంటి ఇబ్బందికి అంత దూరం అక్కర్లేదు, ఊళ్ళోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ చాలు. పది నిమిషాలే దొరుకుతాయనుకుంటే విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఎప్పుడు మొదలైంది, నిద్ర లెక్క, ఎన్ని కిలోలు తగ్గారు, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ఉందా. అరపేజీ చాలు.

చివర్లో డాక్టరు తనకేం అర్థమైందో మీకు చెప్పాలి. ఎరువుల కొట్టాయనకు చెప్పేది ఇలా ఉంటుంది: 'మీ గుండె బాగుంది, కడుపు బాగుంది. నాలుగు నెలలుగా మీకున్నది డిప్రెషన్, ఒక మోస్తరుకన్నా కాస్త ఎక్కువ. అప్పుల దిగులుతో మొదలైంది, తాగుడుతో పెరిగింది. తగ్గే జబ్బే. మొండి బకాయిలు నేను వసూలు చేయలేను కానీ, వాటి గురించి ఆలోచించగలిగే తలను మీకు తిరిగి ఇవ్వగలను.' ఆయన రోజూ పావు సీసాకు మించలేదు, ఉదయం వణుకు లేదు కాబట్టి ఇంటి దగ్గరే మానవచ్చని తేలింది. అదే ఎక్కువ తాగేవాళ్ళకైతే ఆసుపత్రిలో ఉంచి మాన్పించాలి. డాక్టరు తనంతట చెప్పకపోతే 'నాకున్నది ఏమిటండీ?' అని అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు మందుల భయం. ఇలాంటప్పుడు ఎక్కువగా రాసేది ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందు ఒకటి, తక్కువ డోసుతో మొదలుపెట్టి వారం తర్వాత పెంచుతారు. వీటితో వచ్చే చిక్కు ఏమిటంటే, ఇబ్బందులు ముందు వస్తాయి, ఫలితం తర్వాత వస్తుంది. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, కొంచెం కంగారు ఉండవచ్చు. గుణం రెండో వారం చివర్లో మొదలై, పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోవడం వల్లే చాలామంది అయిదోరోజు 'పడలేదు' అని ఆపేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. లైంగిక ఆసక్తి తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం కొందరిలో ఉంటుంది. సిగ్గుపడి మందు మానేయకుండా చెబితే డోసో మందో మార్చవచ్చు. మొదటి వారాల్లో కంగారు బాగా పెరిగినా, చనిపోవాలన్న ఆలోచనలు కొత్తగా వచ్చినా, పెరిగినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇక జీవితాంతమా అన్నదానికి. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, బాగైపోయాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తాం. బాగైన మర్నాడే ఆపేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం ఉంటాయి. రెండు మూడు సార్లు తిరగబెట్టినవాళ్ళకు, బైపోలార్ ఉన్నవాళ్ళకు ఎక్కువ ఏళ్ళు అవసరమవుతుంది. మీరింకా ఆ లెక్కలోకి రారు.

అలవాటు పడే మందు ఒకటి చీటీలో ఉండవచ్చు, దాన్ని మాత్రం గుర్తుపట్టండి. క్లోనాజెపామ్ లాంటి నిద్ర, ఆందోళన మాత్ర. అసలు మందు పనిచేసేలోపు ఊరట కోసం రెండు వారాలు, మహా అయితే నాలుగు వారాలు ఇస్తాం. వేసుకున్న రాత్రే హాయిగా అనిపిస్తుంది కాబట్టి జనం అసలు మందు మానేసి దీన్ని ఉంచుకుంటారు, పాత చీటీ చూపించి షాపులో కొనుక్కుంటూ ఏళ్ళు గడుపుతారు. ఆ తర్వాత అది లేకపోతే నిద్రే రాదు. 'సైకియాట్రీ మందులు అలవాటైపోతాయి' అన్న భయానికి మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది. చీటీ తీసుకునేటప్పుడు 'వీటిలో ఏది ఎన్నాళ్ళండి?' అని ఒక్కొక్క మాత్ర చూపించి అడిగి, పక్కన రాయించుకోండి.

మూడు నిమిషాల్లో ఏమీ అడక్కుండా అయిదారు రకాల మాత్రలు రాసి పంపితే ఇంకొకరికి చూపించుకోండి. అలాగే కౌన్సెలర్ 'ఆ మందులు ఆపేయండి, నేను పది సిట్టింగుల్లో తగ్గిస్తాను' అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

నిద్ర సర్దుకున్నాక మీరు వెళ్ళబోయే కౌన్సెలర్ దగ్గర మొదటి గంట వేరుగా ఉంటుంది. 45 నుంచి 60 నిమిషాలు, సాధారణంగా మీరొక్కరే. ఏది గుప్తంగా ఉంటుంది, ఏ పరిస్థితిలో ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది అన్నది ముందే చెప్పాలి. ఫీజు, వారానికెన్నిసార్లు, రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలి అన్నవీ అప్పుడే మాట్లాడుకుంటారు. తర్వాత 'ఏం మారితే బాగుందని మీరనుకుంటారు?' అని అడుగుతారు. 'సంతోషంగా ఉండాలి' అంటే పని మొదలుకాదు. 'ఆఫీసులో తప్పు జరిగితే రాత్రంతా నన్ను నేను తిట్టుకోకుండా ఉండాలి' అంటే మొదలవుతుంది. సలహాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ ఉంటాయి, ఇంటిపని కూడా ఇస్తారు. వారంలో దిగులు పెరిగిన సందర్భాలూ, అప్పుడు మనసులో మెదిలిన మాటలూ రాసి తెమ్మనడం లాంటిది. మొదటిరోజు చెప్పుకుని ఏడ్చాక ఆ సాయంత్రం ఇంకా బరువుగా అనిపించవచ్చు, దాన్ని చూసి పని జరగలేదనుకోవద్దు. నాలుగైదు సార్లు వెళ్ళాక కూడా ఆ మనిషితో మనసు విప్పలేకపోతున్నానంటే ఆ మాట వాళ్ళకే చెప్పి, వేరొకరిని అడగవచ్చు.

ఆఫీసుకు తెలుస్తుందేమో అన్నది మీరు అడగలేదు గానీ ప్రైవేటు ఉద్యోగులందరూ అడుగుతారు. పైన చెప్పిన 2017 చట్టం ప్రకారమే మీ జబ్బు, వైద్యం వివరాలు గోప్యం. మీ ప్రాణానికో ఇతరుల ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు వంటి కొద్ది సందర్భాలు మినహా బయటికి ఇవ్వకూడదు. సెలవు కోసం సర్టిఫికెట్ కావాలంటే అందులో ఏం రాస్తారో ముందే అడగండి.

మొదటిసారి వెళ్ళాక మళ్ళీ రెండు వారాలకు రమ్మంటారు. కాస్త తెరిపిగా ఉన్నా, లేకపోయినా ఆ తేదీ తప్పకండి, డోసు సరిచేసేది ఆరోజే. అప్పటిదాకా ఉదయం ఎన్నింటికి మెలకువ వచ్చిందో ఒక్క అంకె రోజూ క్యాలెండరులో రాసుకోండి. ఎరువుల కొట్టాయన విషయంలో మొదట మారింది అదే. రెండున్నర మూడయింది, మూడో వారానికి నాలుగున్నర అయింది. మనసు తేలికపడ్డట్టు ఆయన చెప్పింది ఆ తర్వాత ఇంకో పది రోజులకు. నిద్ర అంకె కదలడం మొదలైందంటే మందు పట్టుకుంటున్నట్టే, ఛాతీ బరువు ఇంకా ఉన్నా కొనసాగించండి. సరైన డోసులో నాలుగు వారాలు దాటినా అంకె కదలకపోతే ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి, మందు మార్చే నిర్ణయం దాన్ని చూసే చేస్తారు.